−x ఎట్లా వచ్చింది మేడం?

నరసరావుపేటలోని ఆ జూనియర్ కాలేజీలో చదివిన పిల్లలు హుమేరా మేడం ముఖం మరిచిపోయినా గొంతు మాత్రం మరిచిపోరు. మేడమీద ఎంపీసీ సెక్షన్లో ఆమె లిమిట్లు చెబుతుంటే కింద బైపీసీ పిల్లలకు కూడా వినపడేది. జువాలజీ చెప్పే మేడం కిటికీ మూయించి, "ఆమె లెక్కలు మీకెందుకర్రా, కప్ప బొమ్మ గీయండి" అనేది.

హుమేరాకు ఒక లెక్కను ఒకసారి చెప్పి వదిలెయ్యడం చేతకాదు. బోర్డు మీద చెప్పేది, పక్కకు జరిగి మళ్ళీ చెప్పేది, మధ్యలో ఎవడి కనుబొమ్మ ముడిపడినా చాక్‌పీసు అటు చూపించి, "ఒరేయ్, ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగేది. వాడు తడబడుతూ చెప్పినచోటు నుంచి మళ్ళీ మొదలు. సిలబస్ ఆలస్యమవుతోందని ప్రిన్సిపాల్ గొణిగినా, ఆమె క్లాసులో లెక్కలు రాని పిల్లలు తక్కువని ఆయనకూ తెలుసు.

ఆ గొంతు పోయింది.

మెడలో థైరాయిడ్ గడ్డ లేచింది. గుంటూరులో చూపించారు. గడ్డ మంచిదే, క్యాన్సర్ కాదుగానీ పెరుగుతోంది, తియ్యాలన్నారు. గొంతుకు పోయే నరం దానికి అతుక్కుని ఉందని, మాటకు ఇబ్బంది రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు. సంతకం పెట్టేటప్పుడు అట్లాంటివి అందరికీ చెప్తారులే అనుకున్నారు భార్యాభర్తలిద్దరూ. ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిచి ఆమె మొదట అడగబోయింది కూతురు ఫరా గురించి. నోరు కదిలింది, గాలి వచ్చింది, మాట రాలేదు. నాలుగు రోజుల్లో సర్దుకుంటుందన్నారు. తర్వాత నెలల మాట అన్నారు. చివరికి, "ఏడాది దాకా ఆశ పెట్టుకోవచ్చమ్మా. అప్పటికీ రాకపోతే ఇంకో చిన్న ప్రయత్నం ఉంది, గ్యారంటీ మాత్రం చెప్పలేను" అన్నాడు డాక్టరు.

చెవి దగ్గర చెబితే వినపడే గుసగుస మాత్రం మిగిలింది. అదీ నాలుగు మాటలు అనేసరికి ఆయాసం వచ్చేది.

కాలేజీవాళ్ళు కాలరుకు పెట్టుకునే మైకు తెప్పించి చూశారు. మైకులో ఆమె ఊపిరి పెద్దగా వినపడింది, మాట మాత్రం వినపడలేదు. వెనక బెంచీల పిల్లలు మర్యాదగా ముందుకు వంగి కూర్చున్నారు. వాళ్ళు నవ్వినా బాగుండేదనుకుంది హుమేరా. ఎవరూ నవ్వలేదు. ఆ వారం చివర్లో ప్రిన్సిపాల్ వెంకట్రామయ్య ఆమెకు టీ తెప్పించి, కుర్చీలో ఇబ్బందిగా కదిలి, "రెస్టు తీసుకోమ్మా. గొంతు రాగానే నీ సెక్షన్ నీకే" అన్నాడు. ఆ సెక్షన్‌కు అప్పటికే వేరే ఆయన్ని మాట్లాడారని ఆమెకు మెట్లు దిగుతుండగా తెలిసింది.

వాళ్ళ ఇల్లు వినుకొండ రోడ్డు మీద, మోటారు వైండింగ్ షాపు పైన. షాపు భర్త మోయిన్‌ది. కాలిపోయిన బోరు మోటార్లను రైతులు ట్రాక్టర్ల మీద తెచ్చి పడేసి పోతే, పాత తీగ ఊడదీసి కొత్త తీగ చుట్టిస్తాడు. రోజంతా కింద మోటార్లు తిప్పి చూస్తుంటే పైన నేల సన్నగా అదురుతుంది. గొంతు ఉన్న రోజుల్లో హుమేరా మెట్ల మీద నుంచి ఒక్క కేక వేస్తే ఆ మోతలోనూ మోయిన్ తలెత్తేవాడు.

ఒక సాయంత్రం ఫరా బంతి వెనకాల గేటు దాటి రోడ్డెక్కింది. హుమేరా పైనుంచి చూసింది. పిల్లను పిలిచింది. తన పిలుపు తనకే వినపడలేదు. చప్పట్లు కొట్టింది, గ్రిల్లు మీద స్టీలు గిన్నెతో బాదింది. ఐదేళ్ళ పిల్ల బంతినే చూస్తోందిగానీ వెనక్కి తిరగలేదు. ఎదురుగా మిర్చి బస్తాల లారీ వస్తోంది. డ్రైవరు ముందే చూసి బ్రేకు వేశాడు. ఏమీ కాలేదు. మోయిన్ పిల్లను ఎత్తుకొచ్చి ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి, "పిలవలేదేందే?" అన్నాడు. అనేశాక అతని ముఖం మాడిపోయింది. ఆమె పిల్లను గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో ఎవరితోనూ గుసగుసగా కూడా మాట్లాడటం తగ్గించేసింది.

నాగార్జున ఫోన్ చేసింది ఆ రోజుల్లోనే. ఆమె దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు విజయవాడలో పిల్లలకు ఫోన్లో పాఠాలు చెప్పే కంపెనీలో, డౌట్లు తీర్చే జట్టును చూసుకుంటున్నాడు.

"మేడం, మా దగ్గర ఒక పని ఉంది. క్లాసు లైవ్‌లో నడుస్తుంటే పిల్లలు చాట్‌లో డౌట్లు పెడతారు. సారు ఆగకుండా చెప్పుకుంటూ పోతారు. ఆ డౌట్లకి మీరు అక్కడికక్కడ టైపు చేసి జవాబియ్యాల. దీనికి గొంతు అక్కర్లా" అన్నాడు. అని, వెంటనే, "ఏమనుకోబాకండి మేడం" అన్నాడు.

ఆమె ఏమీ అనుకోలేదు. ఒప్పుకుంటున్నానని మెసేజ్ పెట్టింది. ముందు కొన్నాళ్ళు ట్రయల్, పని నచ్చితే ఉంచుతారు.

పని చూడ్డానికి తేలిక. లాప్‌టాప్ తెరలో ఒకవైపు సారు పాఠం, ఇంకోవైపు డౌట్ల వరస. వరసలోని ఒక డౌటును నొక్కి తీసుకుంటే అది ఆమెది. జవాబు రాసి పంపితే ఆ డౌటు కిందే ఆమె పేరుతో అందరికీ కనపడుతుంది. దాని కింద పిల్లలకు రెండు మీటలుంటాయి. ఒకటి 'అర్థమైంది', ఒకటి 'అర్థం కాలేదు'. రెండోది నొక్కితే ఆ డౌటు ఎర్రబడి మళ్ళీ వరసలోకి వచ్చి కూర్చుంటుంది. ఒకటే నియమం: జవాబు రెండు లైన్లు దాటకూడదు.

"రెండంటే రెండే ఎందుకు?" అని ఆమె మెసేజ్ పెడితే నాగార్జున ఫోన్ చేసి చెప్పాడు. "పిల్లలు చూసేది చిన్న ఫోన్లో మేడం. సగం తెర సారుకే పోద్ది. మిగిలినదాంట్లో పట్టేది రెండు లైన్లు. మూడో లైను కోసం వేలు పెట్టి జరిపేలోపు సారు ఇంకో స్టెప్పులో ఉంటాడు. డౌటు తీరుద్దేమోగానీ ఆ స్టెప్పు పోద్ది."

సబబుగానే ఉంది. కానీ హుమేరా రాయలేకపోయింది. బోర్డు దగ్గర మాట్లాడినట్టే రాసేది. 'దీనికి ముందు మాడ్యులస్ అంటే ఏమిటో గుర్తు చేసుకుందాం' అని మొదలుపెట్టేది. తప్పు ఒక్కటి ఉండేది కాదు. పంపేసరికి పాఠం ఎక్కడికో పోయి ఉండేది. కింద ఎర్ర గుర్తు. ఇంకో డౌటు, ఇంకో ఎర్ర గుర్తు. జవాబులు పొడుగైపోతున్నాయని నాగార్జున నసుగుతూ చెప్పాక, ఆమె పూర్తిగా అటు చివరకు పోయింది. సూత్రం ఒక్కటే రాసి పంపడం మొదలుపెట్టింది. అవీ ఎర్రబడ్డాయి.

"ఇవి రెండు లైన్లే మేడం, కాదన్ను. కానీ పుస్తకంలో ఉన్నయ్యే గదా. పుస్తకం అర్థం గాకే గదా అడిగింది" అన్నాడు నాగార్జున. తర్వాత గొంతు తగ్గించాడు. "పైవాళ్ళు ఈ ఆదివారం క్లాసు చూసి చెప్తామన్నారు. నేను చెప్పేది చెప్పాను. ఇంక నా చేతుల్లో లేదు."

ఆ మాట విన్న మధ్యాహ్నం ఆమె డాబా మీదికి పోయి, నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి, 'ఆ' అని అనడానికి ప్రయత్నించింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చీలిన గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. బట్టలు ఆరెయ్యడానికి వచ్చిన అత్త కరీమున్నీసా మెట్ల దగ్గరే ఆగిపోయి, కాసేపు చూసి దగ్గరికొచ్చింది.

"ఎందుకు బేటీ అట్ట కొట్టుకుంటావు? ఉద్యోగం లేకపోతే నిన్నెవరన్నా ఏమన్నా అన్నారా? వాడి షాపు నడస్తానే ఉంది గదా. ఇంట్లో కూర్చో, పిల్లను చూసుకో."

"పాఠం చెప్పకపోతే నేనేంది అత్తమ్మా?" అంది హుమేరా.

"ఆఁ? ఏందీ?" అని చెవి దగ్గర పెట్టింది కరీమున్నీసా. కింద మోటారు మోగుతోంది. హుమేరా తల అడ్డంగా ఊపి, ఆమె చేతిలోని తడి దుప్పటి రెండో కొస పట్టుకుంది.

ఆదివారం క్లాసు పొద్దున పెట్టారు. ఎంసెట్ దగ్గరపడింది. మే నెల ఎండకు అప్పుడే గోడలు కాలుతున్నాయి. హుమేరా గది తలుపు వేసుకుని కూర్చుంది. పాఠం చెప్పేది మస్తాన్‌రావు సారు. మంచివాడు, వేగం ఎక్కువ. వరసబెట్టి లిమిట్ల బిట్లు చేయిస్తున్నాడు. మొదట్లో ఆమె తీసుకున్న డౌట్లలో ఒకటి నిలిచింది, రెండు ఎర్రబడ్డాయి.

సారు కొత్త బిట్టు రాశాడు. x మైనస్ ఇన్ఫినిటీకి పోతుంటే √(x²+1) బై x విలువ ఎంత? "రూట్లోంచి x² బయటికి తీద్దాం. x నెగెటివ్ కాబట్టి బయటికి −x వస్తుంది. కింద x తో కొట్టేస్తే జవాబు మైనస్ ఒకటి" అని గీత గీసి ముందుకు పోయాడు.

చాట్‌లో ఒక డౌటు పడింది. పక్కన పేరు, ఊరు: కుసుమ, గురజాల.

'రూట్ ఎప్పుడూ పాజిటివ్ కదా సార్. మరి −x ఎట్లా వచ్చింది?'

జట్టులోని ఇంకొకరు వెంటనే జవాబిచ్చారు: '√x² = |x|. x సున్నా కంటే తక్కువ కాబట్టి |x| = −x.'

ఎర్రబడింది. కింద 'నాక్కూడా అర్థం కాలా' అని ఎవరో పెట్టారు. ఇంకెవరో పెట్టారు. మరొకరు తీసుకుని, 'మైనస్ ఇన్ఫినిటీ అన్నప్పుడు −x తీసుకోవాలి, రూల్ గుర్తుపెట్టుకోండి' అని రాశారు. అదీ ఎర్రబడింది. సారు ఇంకో బిట్టు రాస్తున్నాడు.

కుసుమ మళ్ళీ రాసింది. 'పోయిన ఏడు కూడా ఇదే బిట్టు దగ్గర ఆగిపోయా. లెక్కలు నాకు రావని మా నాన్నకి చెప్పేస్తా. వదిలేస్తన్నా.'

హుమేరా వేలు తనకు తెలియకుండానే ఆ డౌటును తీసుకుంది. తీసుకున్నాక భయం వేసింది. ఆ పిల్ల క్లాసులోంచి వెళ్ళిపోయేలోపు రాయాలి. మొదలుపెట్టింది. మాడ్యులస్ నిర్వచనం, రెండు సందర్భాలు, ఉదాహరణ. ఐదు లైన్లయింది. చెరిపేసింది. ఒక లైను రాసింది. అది మొదటివాళ్ళు రాసిందే. చెరిపేసింది. తీసుకున్న డౌటుకు జవాబు రాలేదని పైన పసుపు గుర్తు వెలిగింది. అది నాగార్జునకూ కనపడుతుంది, వాళ్ళ పైవాళ్ళకూ కనపడుతుంది.

బోర్డు ముందైతే చెప్పేది. చెప్పాలని నోరు కూడా తెరిచింది. ఖాళీ గదిలో లాప్‌టాప్‌కు చెప్పబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. కింద మోటారు ఎత్తుకుంది, నేల అదిరింది. ఇంక చాలనిపించింది. లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది. మూసేస్తే అయిపోతుంది. రేపటి నుంచి ఎవరూ ఏమీ అడగరు. ఆ పిల్ల గురజాలలో వాళ్ళ నాన్నతో ఆ మాట చెప్పేస్తుంది, తను ఇక్కడ దుప్పట్లు ఆరేసుకుంటుంది.

మూత సగం దించింది. దించిన తెరలో ఆ పిల్ల మొదటి ప్రశ్న కనపడుతోంది. 'రూట్ ఎప్పుడూ పాజిటివ్ కదా సార్.'

అది నిజమే కదా అనుకుంది హుమేరా. ఈ పిల్లకు రూట్ సంగతి తెలుసు. మాడ్యులస్ సంగతి కూడా తెలిసే ఉంటుంది. అందరూ ఆమెకు తెలిసిందే మళ్ళీ చెబుతున్నారు. మరి ఆగింది ఎక్కడ?

క్లాసులో అయితే ముఖం చూసి పట్టుకునేది. ఇక్కడ ముఖం లేదు. కానీ అడగొచ్చు. గొంతు పోయిన దిగులులో, లైన్ల భయంలో, తను ఇన్ని రోజులూ ఒక్క పిల్లనైనా ఎక్కడ ఆగిపోయావని అడగలేదని ఆమెకు అప్పుడు తట్టింది. చెప్పడమే తన పని అనుకుంది. అడగడం కూడా తన పనేనని మరిచిపోయింది.

మూత ఎత్తి టైపు చేసింది. 'కుసుమా, −x చూడగానే అది నెగెటివ్ నంబరు అనిపిస్తోందా నీకు?'

జవాబు రాలేదు. వెళ్ళిపోయిందేమో అనుకుంది. పసుపు గుర్తు అట్లాగే ఉంది. తర్వాత వచ్చింది.

'మైనస్ ఉంది కదా మేడం. మైనస్ ఉంటే నెగెటివే కదా.'

ఆగింది అక్కడ. హుమేరాకు ఆ కనుబొమ్మ ముడి కళ్ళకు కట్టినట్టయింది. ఇంక చెరపలేదు.

'నువ్వన్నది నిజం, రూట్ పాజిటివే. ఇక్కడ x నెగెటివ్ కాబట్టి, దాని ముందు మైనస్ పెడితే −x పాజిటివ్.
x = −3 అనుకో: √x² = √9 = 3. −x = −(−3) = 3. రెండూ ఒకటే.'

పంపింది. పంపాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సారు ఏదో చెబుతున్నాడు, ఆమెకు చెవికెక్కడం లేదు.

'అర్థమైంది' ఒకటి పడింది. అది కుసుమది కాదు. చిలకలూరిపేట పిల్లవాడెవడో. ఇంకొకటి. వరసగా పడుతున్నాయి. కుసుమది మాత్రం రాలేదు. హుమేరా ఆ పేరునే చూస్తూ కూర్చుంది.

అప్పుడు కుసుమ రాసింది. 'అంటే పైన −x పాజిటివ్. కింద x మాత్రం నెగెటివ్. పాజిటివ్ బై నెగెటివ్, అందుకే జవాబు మైనస్ ఒకటి. అంతేనా మేడం?'

హుమేరా 'అంతే' అని రాసింది. తొందరలో 'అంత్తే' అని పడింది. దిద్దకుండా పంపేసింది.

ఆ రెండు లైన్లను ఎవరో పైకి తీసి సారుకు కనపడేలా పెట్టారు. మస్తాన్‌రావు సారు రాస్తున్న చెయ్యి ఆపి, "ఒక్క నిమిషం. చానామంది అడిగారు గదా, ఇది వినండి" అని ఆ లైన్లు చదివాడు. x ఈక్వల్ టు మైనస్ త్రీ అని బోర్డు మీద రాశాడు. నిదానంగా, గట్టిగా, నిండు గొంతుతో చదివాడు.

తన మాట ఇంకొకరి గొంతులో వినడం హుమేరా తట్టుకోలేకపోయింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, 'రెండూ ఒకటే' దగ్గర కొంచెం నొక్కి, తను చెప్పినట్టే చెప్పాడాయన. బల్ల మీద తల వాల్చింది. ఆపరేషన్ అయ్యాక ఆమె ఏడవడం అదే మొదలు. ఏడుపుకు కూడా చప్పుడు లేదు.

మజ్జిగ గ్లాసుతో తలుపు తోసుకొచ్చిన కరీమున్నీసాకు కోడలి భుజాలు ఎగసిపడటం కనపడింది. గ్లాసు కిటికీలో పెట్టింది.

"పోయిందా బేటీ, ఉద్యోగం?"

హుమేరా తల ఎత్తకుండానే అడ్డంగా ఊపింది.

"మరెందుకే?"

కరీమున్నీసా ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. తెర మీద ఇంకో డౌటు ఎర్రబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని హుమేరా దాన్ని తీసుకుంది.

మర్నాడు నాగార్జున ఫోన్ చేశాడు. అంతా బాగుందని అతను అబద్ధం చెప్పలేదు. "ఆ ఒక్కటి చానా బాగుంది మేడం. మిగతావాటిలో సగం ఇంకా పొడుగే. ఇంకో నెల చూద్దామన్నారు." తర్వాత, "మీరు ఆ పిల్లని ముందు ఒక మాట అడిగారు గదా. మా జట్టులో ఎవరూ అట్ట అడగరు మేడం. మీ క్లాసులో మమ్మల్ని అడిగేవారు" అన్నాడు. ఆమె ఏదో అనడానికి ప్రయత్నించింది. అతను వినపడినట్టే, "ఉంటా మేడం" అని పెట్టేశాడు.

మోయిన్‌కు ఆ కబురు చెప్పడానికి ఆమె షాపులోకి దిగింది. అతను తిరుగుతున్న మోటారు ఆపి, చేతులు గుడ్డకు తుడుచుకుని, తల వంచి చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె చెప్పింది. ఉద్యోగం గురించి చెప్పి ఊరుకోకుండా, ఆ లెక్క, ఆ పిల్ల, ఎక్కడ ఆగిందో, మొత్తం చెప్పింది. ఆయాసం వస్తే ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పింది. అతనికి లెక్క అర్థం కాలేదు. అయినా మోటారు తెచ్చిన రైతు చూస్తున్నా కదలకుండా చివరిదాకా వంగే ఉన్నాడు.

నెల తర్వాత ఆమెను ఉంచారు. ఆ తర్వాత డాక్టరు చెప్పిన ఏడాదీ అయిపోయింది, గొంతు రాలేదు. రెండో ప్రయత్నానికి గుంటూరు పోవాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. కొన్ని మధ్యాహ్నాలు ఆమె ఇప్పటికీ డాబా ఎక్కి ట్యాంకు నీడలో నిలబడుతుంది. కుసుమ మళ్ళీ ఎప్పుడూ ఆమె డౌట్ల వరసలో కనపడలేదు. ఎంసెట్ రాసిందో లేదో, నాన్నకు ఏం చెప్పిందో హుమేరాకు తెలియదు. గురజాల అని పక్కన కనపడితే మాత్రం ఆ డౌటును ఇంకెవరూ తీసుకోకముందే నొక్కుతుంది. నొక్కి, ముందు అడుగుతుంది: ఎక్కడ ఆగింది?